సోఫా ఫోటోలు పోల్చే ముందు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

కొత్త ఫ్లాటుకు సోఫా కోసం ముగ్గురు దుకాణదారుల నుంచి ఫోటోలు తెప్పించుకున్నావనీ, అందులో ఒకటి దాదాపు ఖాయం చేశావనీ మీ అమ్మ చెప్పింది. నీ సంపాదనతో ఇల్లు అమర్చుకుంటున్నందుకు ఎంత పొంగిపోయానో, ఫోటో చూసి అడ్వాన్సు ఇవ్వబోతున్నావని విని అంత కంగారుపడ్డాను.

గదిని, గుమ్మాన్ని, లిఫ్టును కొలుచుకోవాలని నీకు వేరే చెప్పనక్కరలేదు.

2016లో నేనూ ఫోటో చూసే కొన్నాను. అది ఫోనును దాదాపు నేల మీద పెట్టి తీసిన ఫోటో కాబట్టి సోఫా సింహాసనంలా ఎత్తుగా కనిపించింది. ఎత్తు పోల్చుకోవడానికి పక్కన ఒక కుర్చీ అయినా లేదు. తీరా ఇంటికి వచ్చాక కొలిస్తే కూర్చునే ఎత్తు పదిహేను అంగుళాలే, పైగా మనిషి కూర్చుంటే ఫోము మరో రెండు అంగుళాలు దిగేది. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు మొదటిరోజు అందులో కూర్చుని లేవలేకపోతే, ఇద్దరం చెరొక రెక్కా పట్టుకుని లేపాము. ఆవిడ ఒక్క మాటా అనలేదు. మర్నాటి నుంచి ఆ సోఫా పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు, చివరి దాకా అంతే. ఆ కుర్చీని ఇప్పటికీ పారేయలేకపోయాను.

అందుకే ముగ్గురినీ ఒకే రకం ఫోటో అడుగు: పది అడుగుల దూరం నుంచి, సోఫాకు సరిగ్గా ఎదురుగా, ఫోనును సీటు ఎత్తులో పట్టుకుని, 0.5x కాకుండా మామూలు లెన్సుతో తీయమను. 0.5x లెన్సు అంచులను సాగదీసి చూపిస్తుంది. ఆ తరువాత స్కేలు తీసుకుని తెర మీద కొలువు. ఏడు అడుగులు, అంటే 84 అంగుళాల సోఫా తెర మీద 14 సెంటీమీటర్లు వస్తే, ఒక్కో సెంటీమీటరుకు ఆరు అంగుళాలన్న మాట. హ్యాండ్‌రెస్టు సెంటీమీటరున్నర ఉంటే అది తొమ్మిది అంగుళాలు. రెండు వైపులా తీసేస్తే కూర్చోవడానికి మిగిలేది 66, అంటే ముగ్గురు కూర్చుంటే మనిషికి 22. నేల నుంచి సీటు రెండున్నర సెంటీమీటర్లే ఉంటే, తల్లీ, అది మా పదిహేను అంగుళాల సోఫాయే. వీపు భాగం వెనక్కి ఉంటుంది కనుక దానికి ఈ లెక్క సరిపోదు; దాని ఎత్తునూ, సోఫా లోతునూ టేపుతో కొలిచి చెప్పమను. ఆ లోతూ పొడవూ ప్రకారం గదిలో పాత పేపర్లు పరిచి, చుట్టూ నడిచి చూడు.

రంగు విషయంలో తొందరపడకు. దుకాణంలోని పసుపు లైట్ల కింద బూడిద రంగు కూడా గోధుమ రంగులా కనిపిస్తుంది. పగటి వెలుతురులో, సీటు మీద తెల్ల కాగితం పెట్టి తీయించు. ఆ కాగితం పసుపుగా కనిపిస్తే బట్ట రంగునూ నమ్మవద్దు.

మీ అమ్మకూ మోకాళ్ళు మొదలయ్యాయి. ఆమెను గోడకు ఆనుకుని ఉన్న ఎత్తుపీట మీద కాదు, భోజనాల బల్ల కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, మోకాలి మడత వరకు ఎన్ని అంగుళాలో కొలిచి నాకు రాయి. అడ్వాన్సు ఆ తరువాత ఇద్దువుగాని.

మీ పెద్దమ్మ