వేరియన్స్ లెక్క వస్తుంది, కారణం అడిగితే?

ప్రశ్న: సీఎంఏ ఇంటర్ చదువుతున్నాను. స్టాండర్డ్ కాస్టింగ్ ఫార్ములాలన్నీ వచ్చు. ట్రైనీ ఇంటర్వ్యూలో ‘ఈ వేరియన్స్ ఎందుకు వచ్చింది?’ అని అడిగేసరికి టెన్షన్‌తో ఏమీ చెప్పలేకపోయాను. ఎలా ప్రిపేర్ అవ్వాలి?

జవాబు: ఒక్కో వేరియన్స్‌కు ఐదారు కారణాలు బట్టీ పట్టకండి. ఒకదానివల్ల ఇంకొకటి పుట్టిందేమో వెతకండి.

స్కూల్ చొక్కాలు కుట్టే యూనిట్ ఒకటి ఉందనుకుందాం. చొక్కాకు 2 మీటర్ల బట్ట, మీటరు రూ.100 అన్నది స్టాండర్డ్. ఈ నెల 1,000 చొక్కాలు కుట్టారు. బట్ట రూ.92కే దొరికింది కానీ, 2,150 మీటర్లు పట్టింది. ధరలో మీటరుకు రూ.8 మిగిలింది కాబట్టి ప్రైస్ వేరియన్స్ రూ.17,200 ఫేవరబుల్. 150 మీటర్లు అదనంగా వాడారు కాబట్టి యూసేజ్ వేరియన్స్ రూ.15,000 అడ్వర్స్. దీన్ని రూ.100తోనే కట్టాలి. చాలామంది రూ.92 వేసేస్తారు. ధరలో తేడా పైన లెక్కలోకి వచ్చేసింది, మళ్లీ రాకూడదు.

నికరంగా రూ.2,200 లాభం. పర్చేజ్ మేనేజర్‌ను మెచ్చుకోవాల్సిందేనా? లేబర్ కూడా చూడండి. చొక్కాకు గంట, గంటకు రూ.80 స్టాండర్డ్. అదే రేటున 1,120 గంటలకు జీతం ఇచ్చారు, రేట్ వేరియన్స్ లేదు. అందులో 40 గంటలు కరెంటు పోయి కూర్చున్నవి. ఆ రూ.3,200 ఐడిల్ టైమ్ వేరియన్స్. టైలర్ల చేతిలో లేనిది, విడిగా చూపాలి. మిగిలిన 80 అదనపు గంటలకు రూ.6,400 ఎఫిషియెన్సీ వేరియన్స్ అడ్వర్స్. పల్చటి బట్టకు దారం తెగుతుంటే, కట్ చేసిన ముక్కలు తీసేసి మళ్లీ కోస్తుంటే పని సాగదు. అంటే చవక బట్ట మిగిల్చింది రూ.2,200, లేబర్‌లో పోగొట్టింది రూ.6,400.

అయితే ఇది అనుమానమే, రుజువు కాదు. బట్ట వచ్చినప్పటి తనిఖీ రిపోర్టు, లాట్‌వారీ వేస్టేజీ చూడండి. పాత లాట్ బట్టతోనూ అంతే వేస్టు వచ్చి ఉంటే తప్పు కటింగ్ దగ్గర ఉంది, లేదా కొత్త టైలర్లు చేరి ఉంటారు.

వేరియబుల్ ఓవర్‌హెడ్‌ను గంటల మీద వేస్తే ఆ 80 గంటలు అక్కడా అడ్వర్స్‌గా కనిపిస్తాయి, కొత్త కారణం వెతకనక్కర్లేదు. ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ వేరు. 1,200 చొక్కాలకు రూ.60,000 బడ్జెట్ వేశారు, ఖర్చూ అంతే అయింది. ఎక్స్‌పెండిచర్ వేరియన్స్ సున్నా. కుట్టింది 1,000 కాబట్టి చొక్కాకు రూ.50 చొప్పున రూ.10,000 వాల్యూమ్ వేరియన్స్ అడ్వర్స్. ఇక్కడ అదనంగా రూపాయి కూడా ఖర్చు కాలేదు, షెడ్డు అద్దెను తక్కువ చొక్కాలు మోశాయంతే. ఆర్డర్లు తగ్గాయా, కరెంటు కోతా, నెమ్మదిగా కుట్టడమా అని అడగాలి. ఇంటర్వ్యూలో ‘ఓవర్‌హెడ్ ఎక్కువ ఖర్చు పెట్టారు’ అనేస్తే అక్కడే దొరికిపోతారు.