ఫొటో కింద కవితా, వాక్యమా?

నాయనమ్మతో దిగిన చివరి ఫొటో పెడుతున్నాను. కింద రెండు పాదాల కవిత రాయాలా, మామూలు వాక్యం చాలా?

ఫొటోలో కనబడనిది ఏమిటో ముందు చూడండి. అది చోటో, సందర్భమో, ఆ తర్వాత జరిగినదో అయితే వాక్యమే రాయండి.

‘చేయి వదిలింది, రైలు కదిలింది
కళ్లలో నాయనమ్మ రూపం మెదిలింది’

అని రాశారనుకోండి. రెండో పాదం అంత్యప్రాస కోసమే వచ్చింది. ఆమె రూపం ఫొటోలో ఉండనే ఉంది. ‘కాజీపేట స్టేషన్‌లో నాయనమ్మతో. నేను తిరిగి వచ్చేసరికి ఆమె లేదు.’ ఇది చదివినవారు మళ్లీ ఫొటో వైపు చూస్తారు. నా ఓటు దీనికే.

మనుషులు లేని చిత్రానికి, ఉదాహరణకు ఆమె ఖాళీ పడక్కుర్చీకి, కవిత నప్పుతుంది. అప్పుడు కూడా ప్రాస తీసేసి అదే భావాన్ని మామూలుగా చెప్పి చూడండి. ఏమీ పోకపోతే వాక్యమే ఉంచండి.