లాభం ఉంది, మరి డబ్బేది?

"మా అమ్మాయి బీకాం ఫైనల్ ఇయర్. మార్కులు బాగానే వస్తాయి. మొన్న హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి వెళితే ఒక కంపెనీ క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ చేతికిచ్చి, లాభం వచ్చిన కంపెనీ ఇంత అప్పు ఎందుకు చేసింది అని అడిగారట. చెప్పలేకపోయింది. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. రెండు లక్షల ఫీజుతో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కోర్సు ఉంది, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. అందులో చేర్పించాలా, యూఎస్ సీఎంఏ చేయించాలా? నాకు ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. ఈ చదువుల సంగతి నాకు తెలియదు."
– ఒక తండ్రి, నరసరావుపేట

తెలియదని ఎలా అంటారండీ? అమ్మాయి చెప్పలేకపోయిన జవాబు మీ షాపు ఖాతా పుస్తకంలోనే ఉంది. ఖరీఫ్‌లో రైతుకు అరువిస్తారు. అమ్మకం ఆ రోజే రాసుకుంటారు, డబ్బు మాత్రం పంట అమ్ముడయ్యాక వస్తుంది. ఈలోగా కంపెనీ బిల్లు గడువు ముంచుకొస్తే బ్యాంకు ఓడీలోంచి కడతారు. మార్చి అయ్యాక ఆడిటర్ లాభం చూపిస్తే, అదెక్కడుందని ఆయన్నే అడుగుతారు. ఇన్నేళ్లలో అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పుస్తకం ఒక్కసారైనా చూపించారా? రెండు లక్షలు కట్టడానికి సిద్ధపడ్డ మీరు, రెండు సాయంత్రాలు ఇవ్వలేదు. కోపగించుకోకండి, ఈ ప్రశ్న అడిగే చాలామంది తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే.

మీకు సరుకు పంపే పురుగుమందుల కంపెనీనే ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు నేను కల్పించినవి. ఏడాదిలో డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అన్నది క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ మూడు భాగాల్లో చూపిస్తుంది: వ్యాపారం, పెట్టుబడులు, అప్పులు. ముందు వ్యాపారం భాగం చూద్దాం. పన్నుకు ముందు లాభం 8 కోట్లు. స్టేట్‌మెంట్ మొదటి గీత అదే. అక్కడి నుంచి ఆ లాభాన్ని చేతికొచ్చిన డబ్బుగా మార్చుకుంటూ కిందికి దిగుతారు. తరుగుదల 2 కోట్లు కలుపుతారు, ఎందుకంటే అది పుస్తకాల్లో రాసిన ఖర్చే గానీ ఈ ఏడాది ఎవరికీ ఇచ్చిన డబ్బు కాదు. వడ్డీ 3 కోట్లు కూడా కలుపుతారు, దాన్ని కింద అప్పుల దగ్గర విడిగా చూపించడానికి. ఆ 8 కోట్ల లాభంలో పాత స్థలం అమ్మగా వచ్చిన లాభం 2.5 కోట్లు కూడా ఉన్నాయి. అది వ్యాపారం సంపాదించింది కాదు కాబట్టి తీసేస్తారు. 10.5 కోట్లు తేలింది.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. డీలర్ల దగ్గర రావాల్సిన బాకీలు 7 కోట్లు పెరిగాయి, అది తీసేయాలి. గోడౌన్‌లో నిల్వ 4 కోట్లు పెరిగింది, అదీ పోయినట్టే. ముడిసరుకు ఇచ్చినవాళ్లకు కట్టాల్సింది 3 కోట్లు పెరిగింది. ఇంకా కట్టలేదు కాబట్టి దాన్ని కలుపుతారు. మిగిలింది 2.5 కోట్లు. అందులో పన్ను 2 కోట్లు కడితే, 8 కోట్ల లాభం చూపించిన వ్యాపారం నుంచి చేతికొచ్చింది 50 లక్షలు.

ఇప్పుడు మిగతా రెండు భాగాలూ కలిపి చూడండి. కంపెనీ కొత్త యంత్రాలకు 6 కోట్లు, వడ్డీకి 3, పాత అప్పు వాయిదాలకు 2, డివిడెండ్‌కు 1, మొత్తం 12 కోట్లు ఖర్చు పెట్టింది. వ్యాపారం ఇచ్చింది అర కోటి, స్థలం అమ్మిన ధర 3, కొత్త బ్యాంకు అప్పు 9, మొత్తం పన్నెండున్నర వచ్చింది. ఏడాది చివర బ్యాంకులో 50 లక్షలు పెరిగాయి. ఆ చివరి గీత ఒక్కటే చూసినవాళ్లు "నగదు పెరిగింది, బాగుంది" అంటారు. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది వేరు: "డబ్బు డీలర్ల దగ్గర, గోడౌన్‌లో చిక్కుకుంది. వ్యాపారంలో వచ్చింది వడ్డీకి కూడా చాలలేదు. అందుకే స్థలం అమ్మారు, అప్పు చేశారు."

వడ్డీ దగ్గర చాలామంది తడబడతారు. మన దేశంలో పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ అనే లెక్కల ప్రమాణాల్లో కట్టిన వడ్డీ అప్పుల భాగంలో ఉంటుంది. అందుకే పైన వ్యాపారం అంకె ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. అమెరికా లెక్కల్లో అదే వడ్డీ వ్యాపారం భాగంలోనే పోతుంది. హైదరాబాద్‌లో అమెరికా కంపెనీల పుస్తకాలు చూసే ఆఫీసులు బోలెడు. రెండు దేశాల కంపెనీలను పక్కపక్కన పెట్టి పోల్చమంటే ముందు ఈ వడ్డీని సరిచేసుకోవాలి.

డీలర్ల బాకీ పెరగడం తప్పా అంటే, అమ్మకాలు ఎంత పెరిగాయో చూడాలి. అమ్మకాలు 100 కోట్ల నుంచి 110కి, బాకీలు 12 కోట్ల నుంచి 19కి వెళ్లాయనుకోండి. 44 రోజుల అమ్మకం విలువ బయట ఉండేది, ఇప్పుడు 63 రోజులది ఉంది. మార్చి చివర్లో డీలర్లకు సరుకు అంటగట్టి అమ్మకం రాసుకుంటే ఇలాగే కనిపిస్తుంది. ఆ తంతు మీకు నేను చెప్పాలా! వానలు సరిగా పడక వసూళ్లు ఆగినా ఇలాగే కనిపిస్తుంది. తేడా తెలియాలంటే వార్షిక నివేదిక నోట్స్‌లో బాకీల వయసు పట్టిక చూడాలి: ఆరు నెలల లోపువి ఎన్ని, ఏడాది దాటినవి ఎన్ని అని. ఒక్క ఏడాదితో తీర్పు చెప్పకుండా, ఐదేళ్ల లాభం మొత్తాన్ని, ఐదేళ్లలో వ్యాపారం ఇచ్చిన నగదు మొత్తాన్ని పక్కపక్కన రాయమనండి. బ్యాంకులకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. వాళ్లు ఇచ్చే అప్పులే వాళ్ల వ్యాపారం కాబట్టి, బాగా పెరుగుతున్న బ్యాంకుకు వ్యాపారం ఇచ్చిన నగదు మైనస్‌లో ఉండొచ్చు.

ఈ కాగితాన్ని మరీ నమ్మేయకూడదు కూడా. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన లేఖలో బయటపడింది ఏమిటి? పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవు. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ చివరికి వచ్చి ఆగేది ఆ నిల్వ దగ్గరే కదా. అదే అబద్ధమైతే పైన గీతలన్నీ చక్కగా కలుస్తాయి. అంత నగదున్న కంపెనీకి ఆ స్థాయిలో వడ్డీ నిజంగా చేతికొస్తోందా, బ్యాంకు ఇచ్చిన ధ్రువీకరణ ఆడిటర్ నేరుగా తెప్పించుకున్నదేనా అని అడగడం అందుకే.

ఇక కోర్సు. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అన్న పేరు మీద నాకు అనుమానాలున్నాయి. ఆ పేరుతో మన ఊళ్ల పిల్లలకు దొరికే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం లావాదేవీల సెటిల్‌మెంట్, ఖాతాల సరిపోలిక, కేవైసీ తనిఖీ లాంటివి. అవి మంచి ఉద్యోగాలే, కానీ బ్రోచర్‌లో బొమ్మ వేసిన ఉద్యోగం అది కాదు. కంపెనీల కొనుగోళ్లు, అమ్మకాలు నడిపే బల్లల దగ్గర ఎక్కువగా పెద్ద బీస్కూళ్ల వాళ్లు, సీఏలు కూర్చుంటారు. పైగా ఈ కోర్సుల్లో చాలావాటిలో రెడీమేడ్ ఎక్సెల్ షీటు ఇస్తారు. అంకె వేస్తే క్యాష్ ఫ్లో దానంతటదే వచ్చేస్తుంది. మీ అమ్మాయికి ఇంటర్వ్యూలో అందని ప్రశ్న అక్కడ కూడా అందదు. గ్యారంటీ అన్నారు కాబట్టి ఒప్పందం కాగితం తెప్పించుకుని, ఎంత జీతానికి, ఎన్ని ఇంటర్వ్యూల తర్వాత, ఫీజు తిరిగిచ్చేది ఎప్పుడు అన్నది చదవండి. యూఎస్ సీఎంఏ అంటే మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ కోర్సు. దాని మొదటి పేపర్లో ఈ స్టేట్‌మెంట్ ఉంది, రెండింట్లో నేను దానివైపే మొగ్గుతాను. అయినా అదీ ఈ నెలలోనే తేల్చాల్సిన పని కాదు.

అమ్మాయికి ఏమీ కాలేదండీ. ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది, అంతే. బీకాంలో ఈ స్టేట్‌మెంట్ తయారుచేయడం నేర్పుతారు, చదవడం నేర్పరు. లిస్టయిన కంపెనీల వార్షిక నివేదికలు ఉచితంగానే దొరుకుతాయి. మీరు సరుకు తెచ్చుకునే కంపెనీల్లో లిస్టయినవి రెండు ఎంచుకుని, ఒక్కోదానికి "ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది" అని ఒక పేజీ రాయమనండి. తర్వాత మీ షాపువి రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లు ఇవ్వండి. మీకు క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ ఉండి ఉండదు, దాన్ని ఆమే తయారుచేస్తుంది. ఏ బాకీ ఏ రైతుది, ఎందుకు ఆగిందన్నది మీరు పక్కన కూర్చుని చెప్పాలి. ఆ పేజీలు పూర్తయ్యాక నాకు పంపించండి, ఫీజు మాట అప్పుడు మాట్లాడదాం.