కాటా చీటీ ఫోటోలో అంకె చెరిగితే బరువు తేల్చేదెలా?

ప్రశ్న: ట్రాక్టర్ లోడు మొక్కజొన్న ఒక వ్యాపారికి అమ్మాను. క్వింటా 2,200 అని మాట. వేబ్రిడ్జి చీటీ ఆయనే తీసుకున్నాడు, నేను ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. 53.70 క్వింటాళ్లకే డబ్బులిచ్చాడు. చీటీలో అంతే ఉందంటున్నాడు. ఫోటోలో టేర్ 3,460 అని స్పష్టంగా ఉంది. గ్రాస్ 8,940నో 8,840నో తెలియడం లేదు. నెట్‌లో రెండో అంకె మీద మడత పడింది, 5, తర్వాత ఏదో అంకె, ఆ తర్వాత 80. ఈ ఫోటో పనికొస్తుందా?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: పనికొస్తుంది. చెరిగిన అంకెలు తేలకముందే ఒక విషయం చెప్పవచ్చు. గ్రాస్ అంటే లోడుతో బండి బరువు, టేర్ అంటే ఖాళీ బండి బరువు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేది నెట్. గ్రాస్ 8,940 అనుకుంటే నెట్ 5,480 కిలోలు. 8,840 అనుకుంటే 5,380. వ్యాపారి లెక్క కట్టిన 5,370 కిలోలు ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. పైగా నెట్ చివర 80 ఉందని మీరే అంటున్నారు, ఆయన అంకె చివర 70. కాబట్టి చీటీలో అంతే ఉందన్న ఆయన మాట నిలబడదు.

ఇక అసలు అంకె ఏదన్నది. ఇక్కడ చాలామంది తొందరపడతారు. గ్రాస్ 8,940 అని అనుకుని, దాంతో నెట్ 5,480 అని పూరించి, ఇప్పుడు ఆ రెండూ సరిపోయాయి కదా అంటారు. అది సరిచూసినట్టు కాదు, మన ఊహను మనమే ఒప్పుకున్నట్టు. మూడు బరువుల్లో ఒక్కటే అనుమానంగా ఉంటే, మిగతా రెండింటితో దాన్ని కచ్చితంగా తేల్చవచ్చు. మీ చీటీలో రెండు చోట్ల అనుమానం ఉంది. అందుకే లెక్క రెండు జతల్ని ఇస్తుంది, వాటిలో ఒకదాన్ని కంటితోనే ఎంచాలి.

మీరు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. చుక్కలతో అచ్చయిన అంకెల్లో 8, 9 ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, రిబ్బన్ పాతదైతే 9 కూడా 8 లాగే కనబడుతుంది. అందుకని గ్రాస్ దగ్గర ఎంతసేపు చూసినా తేలదు. నెట్‌లో మడత కింద ఉండాల్సింది 3 గానీ 4 గానీ. ఆ రెంటికీ పోలిక తక్కువ. 4కి మధ్యలో అడ్డగీత, కుడివైపు కిందిదాకా నిలువు గీత ఉంటాయి, 3కి ఆ నిలువు గీత ఉండదు. మీ ఫోటోలో మడతకు కింద నిటారు గీత తోక కనిపిస్తోంది. అంటే 4. నెట్ 5,480 అయితే గ్రాస్ 8,940 అవుతుంది. ఇది నా చదువు మాత్రమే. అవతలి వకీలు కాదనకుండా ఉండాలంటే వేబ్రిడ్జి రికార్డు కావాలి, దాని సంగతి కింద చెప్తాను.

మరి 5,370 ఎక్కడిది? 5,480లో రెండు శాతం 109.6 కిలోలు. అది తీసేస్తే దాదాపు 5,370. వ్యాపారి తరుగు కింద రెండు శాతం కోసినట్టుంది. మీ ప్రాంతంలో దీన్నే కడ్తా అని కూడా అంటారు. ఆయన నోటితో చెప్పలేదు కాబట్టి ఇది నా అంచనా మాత్రమే, కానీ అంకె అంత దగ్గరగా రావడం యాదృచ్ఛికమని అనుకోను. తాలు, తేమ పేరుతో కోత ఉంటుందని ముందే ఒప్పుకుని ఉంటే అది వేరే సంగతి. అప్పుడు కూడా తక్‌పట్టీలో నెట్ 54.80 అని రాసి, కోత ఎంతో, ఎందుకో విడిగా చూపాలి. తేమ అంటే తేమ మీటరు రీడింగు చూపాలి. కోసిన అంకెనే కాటా బరువంటూ చెప్పడానికి వీల్లేదు. మీకు రావాల్సిన తేడా 1.10 క్వింటాళ్లు, అంటే 2,420 రూపాయలు.

ఒక హెచ్చరిక. గ్రాస్, టేర్, నెట్ సరిపోయాయి కాబట్టి కాటా నిజం చెప్పిందనుకోకండి. నెట్‌ను మిషనే తీసివేసి అచ్చు వేస్తుంది కాబట్టి టేర్ తప్పయినా ఆ మూడూ చక్కగా సరిపోతాయి. అందుకే చీటీలో టైము చూడాలి. మీ చీటీలో గ్రాస్ ఉదయం 10.52కి, టేర్ 12.35కి తూచినట్టుంది. హమాలీలు ఐదున్నర టన్నులు దించడానికి ఆ వ్యవధి నమ్మదగినదే. రెండు టైములకు మధ్య రెండు మూడు నిమిషాలే ఉంటే మాత్రం బండిని మళ్లీ తూచలేదని, ఎప్పటిదో పాత టేర్ వాడారని అర్థం. టేర్ 50 కిలోలు ఎక్కువ పడితే మీ సరుకు 50 కిలోలు తగ్గినట్టే. చాలా వేబ్రిడ్జిలు 10 కిలోల మెట్టుతో తూస్తాయి, మీ చీటీలో అన్ని అంకెలూ సున్నాతో ముగియడం అందుకే. అలాంటి కాటా చీటీలో నెట్ చివర 3 గానీ 7 గానీ ఉంటే, చేత్తో దిద్దారా అని అనుమానించాలి.

ఇప్పుడు చేయాల్సింది. ఫోటో అసలు ఫైలును ఫోన్‌లో అలాగే ఉంచండి. కత్తిరించొద్దు, ఫిల్టర్లు వేయొద్దు. వాట్సాప్‌లో పంపితే వెళ్లేది కుదించిన కాపీ, అది చూసుకోవడానికే. పుస్తకంలో చీటీ నంబరు, బండి నంబరు, తేదీ, రెండు టైములు, మూడు బరువులు కనిపించినవి కనిపించినట్టు రాయండి. కనిపించని అంకె దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి. లెక్కతో తేల్చిన అంకెను దాని పక్కనే వేరుగా రాయండి. కోర్టులో ఆ తేడాయే మీ నిజాయితీని చూపుతుంది.

తర్వాత చీటీ నంబరు పట్టుకుని వేబ్రిడ్జికి వెళ్లి డూప్లికేట్ అడగండి. కంప్యూటర్ ఉన్నచోట సాధారణంగా రికార్డు ఉంటుంది. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడిగి, మీ కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఈ పని వెంటనే చేయాలి, రికార్డు ఎన్నాళ్లు ఉంచుతారో వాళ్లిష్టం.

అలాగే వ్యాపారికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 2,420 రూపాయలు అడగడంతో పాటు అసలు చీటీ చూపమని కూడా అందులో రాయాలి. అది ఆయన దగ్గరుండీ చూపకపోతే మీ ఫోటోను దాని బదులు సాక్ష్యంగా పెట్టుకునే దారి తెరుచుకుంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఫోటోతో పాటు సర్టిఫికెట్ ఉండాలి. అందులో మొదటి భాగం ఫోన్ యజమానిగా మీరు, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. అది ఫైలు వేలిముద్ర లాంటిది, ఫోటోలో ఒక్క చుక్క మారినా అది మారిపోతుంది.

అమ్మిన సరుకు ధర కోసం దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. కానీ ఇంత మొత్తానికి దావా వేయమని నేను చెప్పను, ఖర్చే ఎక్కువవుతుంది. మండల న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు ఇస్తే దావాకు ముందే లోక్ అదాలత్‌లో పెడతారు, కోర్టు ఫీజు ఉండదు. యార్డులో అమ్మి ఉంటే మార్కెట్ కమిటీ కార్యదర్శికి కూడా కాగితం ఇవ్వండి. కొనేవాడు డబ్బు కట్టినదానికంటే ఎక్కువ సరుకు మోసంతో తీసుకోవడం లీగల్ మెట్రాలజీ చట్టం, 2009లోని 30వ సెక్షన్ కిందికి వస్తుంది కాబట్టి జిల్లా తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌కూ ఫిర్యాదు చేయవచ్చు. కోతకు మీరు ముందే ఒప్పుకుని ఉంటే మాత్రం ఆ ఫిర్యాదు చేయకండి. వ్యాపారి మొదట అడిగేది అదే.