వాయిస్ టైపింగ్ మెసేజ్ సగంలో తెగిపోతే, అసలేం చెప్పారో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: మా సార్ వాట్సాప్‌లో అన్నీ నోటితో చెప్పి టైప్ చేస్తారు. వాక్యం సగంలో తెగిపోయి వస్తుంది. చేయమన్నారో వద్దన్నారో తెలియదు. "ఏంటి సార్" అని అడిగితే "చెప్పాను కదా" అని విసుక్కుంటారు. ఎలా అడగాలి?

జవాబు:

నేను ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపులో డిజైనర్‌ని. మా ఓనర్ రోజంతా బండి మీదే తిరుగుతుంటారు కాబట్టి నాకూ ఇవే మెసేజ్‌లు. ఒకసారి బాగా దెబ్బతిన్నాకే నాకొక పద్ధతి కుదిరింది.

ఒక గృహప్రవేశం ఫ్లెక్సీ, 10 బై 8. సాయంత్రం ఆయన దగ్గర్నుంచి వచ్చిన మెసేజ్ ఇది: "గృహప్రవేశం దాంట్లో పాత ఫోన్ నంబర్ తీసి కొత్తది పెట్టి ప్రింట్". అక్కడితో ఆగింది. ప్రింట్ ఇవ్వమన్నారనుకుని మెషిన్‌కి పంపేశాను. ఆయన నిజానికి చెప్పింది "ప్రింట్ ఇవ్వకుండా నాకు పంపు, వాళ్ల అన్నయ్య ఒకసారి చూస్తానన్నాడు" అని. ఆ అన్నయ్య చూసి ముహూర్తం టైమే తప్పన్నాడు. 80 చదరపు అడుగుల మెటీరియల్ పోయింది. ఆ ఫ్లెక్సీనే తిరగేసి షాపు ముందు ఎండకి అడ్డంగా కట్టుకున్నాం.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, మన భాషలో ఈ తెగడం మరీ ప్రమాదం. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. వద్దు, కాదు, చేయకు, ఇవ్వకుండా లాంటివన్నీ తోకలోనే ఉంటాయి. తోక తెగితే ఎవరికి, ఎక్కడ, ఎన్ని అన్నీ మిగిలి, చేయాలా వద్దా అన్నదొక్కటే పోతుంది. మిగిలిన ముక్క చూస్తే పని పురమాయించినట్టే కనిపిస్తుంది.

ఎందుకు తెగుతుందంటే, మాట్లాడేవాళ్లు కాసేపు ఆగితే చెప్పడం అయిపోయిందనుకుని మైక్ దానంతటదే ఆగిపోతుంది. మా ఓనర్ "ప్రింట్" దాకా చెప్పి, పక్కనెవరో పిలిస్తే అటు తిరిగి, మళ్లీ ఫోన్‌లోకి మిగతాది చెప్పారు. అప్పటికే మైక్ ఆగిపోయింది. ఏం పడిందో చూడకుండా సెండ్ నొక్కేశారు. ఆయన దృష్టిలో ఆయన మొత్తం చెప్పేశారు. "చెప్పాను కదా" అని మీ సార్ అనడం కూడా అందుకే అయ్యుంటుంది.

మెసేజ్ రాగానే నేను చివరి మాట చూస్తాను. "పెట్టి", "తీసి", "వాళ్లకి", "దాంట్లో", "అయితే" లాంటి వాటితో ఆగితే తెగిందని వెంటనే తెలిసిపోతుంది. "ప్రింట్", "ఆర్డర్", "క్యాన్సిల్", "డెలివరీ" లాంటి మాటలతో ఆగినవి మోసం చేస్తాయి. వాటి పక్కన "చేయి" అని మన బుర్రే తగిలించేసుకుంటుంది. నేను బోల్తా పడింది అక్కడే. ఇంకా కష్టమైనవి నిండు క్రియతో ఆగినవి. "రెండు కాపీలు వేయి" అని వస్తే పూర్తయినట్టే ఉంటుంది, కానీ ఆయన చెప్పింది "వేయి అనేదాకా ఆగు" అని కావచ్చు. దీన్ని చివరి మాటతో పట్టుకోలేం. ఆయన మామూలుగా చెప్పే సైజు, టైమ్ లాంటిది ఏదైనా లేకపోతే అనుమానిస్తాను.

అనుమానం రాగానే అడిగేయను, ఒకట్రెండు నిమిషాలు ఆగుతాను. మిగతా ముక్క ఇంకో మెసేజ్‌గా రావచ్చు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు సరిచేసుకోవచ్చు కూడా. అలా సరిచేసినప్పుడు మన ఫోన్ మళ్లీ మోగదు, అందుకే పని మొదలుపెట్టే ముందు ఆ మెసేజ్ ఇంకోసారి తెరిచి చూడాలి.

ఇక అడగడం. "ఏమన్నారు సార్?" అంటే ఆయన మొత్తం మళ్లీ నోటితోనే చెప్తారు, అది మళ్లీ ఎక్కడో తెగుతుంది. "ప్రింట్ ఇచ్చేయమన్నారు కదా?" అంటే చదవకుండానే "ఊ" అంటారు. "ప్రింట్ ఇవ్వొద్దా?" అనేది అన్నిటికంటే చెడ్డ ప్రశ్న. దానికి "లేదు" అని జవాబొస్తే ఇవ్వాలా మానాలా? ఒకసారి ఆ "లేదు" పట్టుకుని అరగంట కూర్చున్నాను.

ఇప్పుడు ఆ తెగిన మెసేజ్‌నే పక్కకి జరిపి, దానికే రిప్లైగా ఇలా పెడతాను:

"సార్, మెసేజ్ 'ప్రింట్' దగ్గర ఆగిపోయింది. నంబర్ మారుస్తున్నాను. తర్వాత?
1. ప్రింట్ ఇచ్చేయాలి
2. ప్రింట్ ఆపి మీకు పంపాలి
3. ఇంకేదైనా అయితే కాల్ చేయండి
మీరు చెప్పేదాకా ప్రింట్ ఇవ్వను."

ఆయన సిగ్నల్ దగ్గర ఆగి ఒక్క అంకె నొక్కితే చాలు. మొదటి వాక్యం ఎందుకంటే, తప్పు ఫోన్‌దని ఆయనకి తెలుస్తుంది, నేను సరిగ్గా చదవలేదని అనుకోరు. విసుగు సగం అక్కడే తగ్గింది. ఆఖరి వాక్యం ఇంకా ముఖ్యం. జవాబు రాకపోతే ఏ పని ఆగుతుందో ఆయనకి ముందే తెలియాలి. నంబర్ మార్చడం లాంటిది తప్పైనా వెనక్కి తీసుకోవచ్చు, అది చేసుకుంటూ ఉంటాను. మెషిన్‌లోకి వెళ్లింది వెనక్కి రాదు, అక్కడ ఆగుతాను. అర్జెంటైతే మాత్రం ఈ రాతలన్నీ మానేసి ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే ఆగడమే, ఆలస్యమైందని తిట్టినా సరే.

అంకెలుంటే మెసేజ్ పూర్తిగా వచ్చినా తిరిగి అడుగుతాను. పదిహేను, పదిహేడు వినడానికి దగ్గరగా ఉంటాయి, ఫోన్ ఒకదాన్ని ఇంకోటిగా రాసేస్తుంది. అందుకే "17 (పదిహేడు) తారీఖు, 2 కాపీలు, కరెక్టేనా?" అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి పంపుతాను.

ఆయన వైపు నుంచి కూడా రెండు మార్పులు అడిగాను. పెద్ద విషయమైతే టైపింగ్ మైక్ కాకుండా వాయిస్ మెసేజ్ పంపమన్నాను. మధ్యలో ఎంతసేపు ఆగినా అది రికార్డవుతూనే ఉంటుంది. దీనికి వెంటనే ఒప్పుకున్నారు. రెండోది, ఏం చెప్పినా చివర్లో "అంతే" అనమన్నాను. ఆ మాట ఉంటే మెసేజ్ మొత్తం వచ్చినట్టు, లేకపోతే తెగినట్టు. మీ సార్ వింటారనుకుంటే ఇదొకటి అడిగి చూడండి. మా ఓనర్ మూడింట రెండుసార్లు గుర్తుపెట్టుకుంటారు. కాకపోతే ఒక్కోసారి ఫోన్ దాన్ని "అంటే" అని రాస్తుంది. "10 బై 8 ఒకటి ప్రింట్ ఇవ్వు అంటే" అని వస్తుంది. అప్పుడు మళ్లీ 1, 2 పెట్టి అడగాల్సిందే.