అడ్వాన్స్‌లో పెయింటింగ్ ఖర్చు కోసుకోవచ్చా?

ప్రశ్న: లాసన్స్ బే కాలనీలో మూడేళ్లు ఉన్న అద్దె ఫ్లాట్ ఖాళీ చేశాం. 60,000 అడ్వాన్స్‌లో ఓనర్ గారు పెయింటింగ్‌కి 22,000, బాల్కనీ గ్రిల్ తుప్పుకి 7,000, పగిలిన వాష్‌బేసిన్‌కి 3,000 పట్టుకుని 28,000 పంపారు. బేసిన్ మా వల్లే పగిలింది. మిగతాది అడగొచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అడగొచ్చు. ముందు అగ్రిమెంట్ తీసి చూడండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఇంత అనో, ఒక నెల అద్దె అనో మినహాయించుకుంటామని రాసి ఉంటే, ఆ మేరకు మీ వాదన బలహీనపడుతుంది. అలాంటి మాటేమీ లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108(ఎం) మీకు అండ. ఇల్లు మీ చేతికొచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగివ్వాలని చెబుతూనే, మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదలను అది మినహాయిస్తుంది. 'మంచి స్థితిలో అప్పగించాలి' అని మాత్రమే అగ్రిమెంట్‌లో ఉంటే, నా దృష్టిలో దాని అర్థం కూడా ఇదే.

మూడేళ్లలో గోడల రంగు వెలవడం మామూలే. పిల్లలు గోడలనిండా గీతలు గీసి ఉంటే మాత్రం అది వేరే లెక్క. ఇక గ్రిల్ సంగతి. సముద్రపు గాలి తగిలే చోట ఇనుము తుప్పు పట్టడానికి అద్దెకున్నవాళ్ల తప్పేమీ ఉండనక్కర్లేదు. మా సొంతింటి గేటు రెండేళ్లకోసారి రంగు అడుగుతుంది.

ఉత్తరంలో బేసిన్ సంగతే ముందు ఒప్పుకోండి. చాలామంది కోపంలో మొత్తం డబ్బు అడిగి, న్యాయమైన వాటా కూడా చేజార్చుకుంటారు. ఇలా రాస్తే చాలు:

'వాష్‌బేసిన్‌కి 3,000 మినహాయింపు నాకు సమ్మతమే. పెయింటింగ్, గ్రిల్ ఖర్చులు సహజమైన అరుగుదలకు సంబంధించినవి కాబట్టి 29,000 మినహాయింపుకు అభ్యంతరం తెలుపుతున్నాను. వాడకానికి మించిన నష్టం ఉందంటే ఫొటోలు, బిల్లులు చూపండి. మీరు పంపిన 28,000 పాక్షిక చెల్లింపుగానే తీసుకున్నాను. 15 రోజుల్లో మిగతాది ఇవ్వకపోతే ఈ ఉత్తరం తేదీ నుంచి వడ్డీ కూడా కోరతాను.'

'పాక్షిక చెల్లింపు' అన్న మాట వదలొద్దు. మీరు ఊరుకుంటే, 28,000తో లెక్క తేలిపోయిందని రేపు ఆయన అనొచ్చు. 'సెటిల్ అయింది' అని వాట్సాప్‌లో ఇప్పటికే పెట్టి ఉంటే ఆ సంగతి లాయరుకు ముందే చెప్పండి. వడ్డీ వాక్యం కూడా ఉత్తినే పెట్టింది కాదు. తిరిగివ్వాల్సిన తేదీ అగ్రిమెంట్‌లో లేనప్పుడు, 1978 వడ్డీ చట్టం కింద లిఖిత నోటీసులో అడిగిన తేదీ నుంచే కోర్టు వడ్డీ ఇవ్వగలదు.

ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, డెలివరీ వివరం దాచుకోండి. ఇంట్లో చేరిన రోజు, తాళాలిచ్చిన రోజు తీసిన ఫొటోలు ఉంటే జతచేయండి.

గడువు దాటినా కదలిక లేకపోతే వెంటనే దావా అక్కర్లేదు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. ఆయన రాకపోతే సివిల్ కోర్టే దారి. దానికి గడువు మూడేళ్లు, ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నంత మాత్రాన అది ఆగదు.