ఏడాదిగా రాని కళ్లద్దాల కస్టమర్‌కి ఏం మెయిల్ రాయాలి?

*ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో మాది చిన్న కళ్లద్దాల షాపు. ఏడాది దాటినా మళ్లీ రాని కస్టమర్ల ఈమెయిళ్లు చాలా ఉన్నాయి. "మిమ్మల్ని మిస్ అవుతున్నాం, 20% తగ్గింపు" అని పంపితే ఒక్కరూ పలకలేదు. ఏం రాస్తే వస్తారు?*

మన లైన్లో ఏడాది రాకపోతే కస్టమర్ పోయినట్టు కాదండీ. అద్దాలు బాగుంటే రెండేళ్లు, మూడేళ్లు అవే పెట్టుకుంటారు. ఆయన లెక్కలో ఆయన ఇప్పటికీ మీ కస్టమరే. అలాంటి మనిషికి "మిస్ అవుతున్నాం" అని మెయిల్ వస్తే ఇదేదో పండగ ఆఫర్ అనుకుని తీసేస్తాడు. తగ్గింపు సంగతీ అంతే. పెట్టుకున్న జత బాగానే ఉంటే ఇరవై శాతం తక్కువని ఇంకో జత ఎవరు కొంటారు? రావడానికి ఆయనకో పని ఉండాలి. ఆ పనేంటో పోయినేడు మీరు రాసిన బిల్లులోనూ, దానికి పిన్ కొట్టిన పవర్ చీటీలోనూ ఉంటుంది.

మాది ఈసీఐఎల్ దగ్గర షాపు. నేను ముందు పిల్లల బిల్లులు వేరు చేస్తాను. మైనస్ పవర్ ఉన్న పిల్లలకి ఎదిగే వయసులో ఏడాదికోసారైనా చూపించాలి, ఎందుకంటే పవర్ పెరుగుతుంటుంది, మొహమూ పెరుగుతుంది. పిల్లలేమో బోర్డు కనబడట్లేదని చెప్పరు, పక్కవాడి నోట్సు చూసి రాసేసుకుంటారు. పైగా మన దగ్గర బళ్లు జూన్ 12న తెరుస్తారు కాబట్టి తల్లిదండ్రులు ఎలాగూ బ్యాగులు, బూట్ల కోసం బజారుకొచ్చే రోజులవి. అందుకే మే చివరి వారంలో ఇలా పంపుతాను:

> సబ్జెక్ట్: స్కూళ్లు తెరిచేలోపు పాప కళ్లద్దాలు ఒకసారి చూపిస్తారా?
>
> నమస్తే మేడమ్,
>
> పోయిన జూన్‌లో మీ పాపకి మా దగ్గర నీలం ఫ్రేముతో అద్దాలు చేయించారు. ఏడాది కావస్తోంది. ఎదిగే పిల్లలకి ఈలోపు పవర్ మారుతుంటుంది, ఫ్రేము కూడా చిన్నదవుతుంది.
>
> ఇంట్లోనే చూడొచ్చు. కాడ చివరి వంపు చెవి వెనక సరిగ్గా కూర్చుంటోందా, చెవి మీదే ఆగిపోతోందా? పాప టీవీకి దగ్గరగా జరుగుతోందా, కళ్లు చికిలించి చూస్తోందా?
>
> ఇందులో ఏదున్నా పాపనీ, పాత అద్దాల్నీ తీసుకుని రండి. టెస్టుకి డబ్బులు తీసుకోం. పవర్ మారకపోతే కొత్త అద్దాలు అక్కర్లేదు, ముక్కు దగ్గరి ప్యాడ్లు మార్చి, స్క్రూలు బిగించి ఇస్తాం. మారితే, ఫ్రేము సరిపోతుంటే అద్దాలు మాత్రమే మారుస్తాం, ₹900 నుంచి.
>
> బడి తెరిచేనాటికి చేతికి రావాలంటే జూన్ 6లోపు వస్తే మాకు వీలు. ఏ రోజు వస్తారో దీనికే రిప్లై ఇవ్వండి.

"మేడమ్" ఉన్నచోట బిల్లులోని పేరు వేయండి. అయితే ఆ పేర్లు మెషీన్‌కి వదిలేయకుండా కళ్లతో ఒకసారి చదవండి. మా కంప్యూటర్లో "రావు సార్ ఫ్రెండ్" అనే పేరుతో కూడా బిల్లు ఉంది. నీలం ఫ్రేము అని రాసింది ఊరికే కాదు. ఆ ఒక్క మాటతో ఇది తన బిల్లు చూసి రాసిన మెయిలని ఆవిడకి తెలుస్తుంది. అలాగని పాప పేరు, పవర్ నంబరు మెయిల్లో పెట్టను, సబ్జెక్ట్‌లో అసలే పెట్టను. ఆఫీసులో ఫోన్ టేబుల్ మీదుంటే పక్కవాళ్లకి కూడా కనిపిస్తుంది.

"పవర్ మారకపోతే అక్కర్లేదు" అన్న వాక్యం తీసేయమని మా తమ్ముడు ఏటా గొడవ పెడతాడు. నేను తీయను. టెస్ట్ ఫ్రీ అంటే చివరికి ఏదో అంటగడతారని జనం అనుకుంటారు, ఆ అనుమానం తీర్చేది ఆ వాక్యమే. కానీ రాశాక నిలబడాలి. మారలేదంటే ప్యాడ్లు మార్చి పంపించేయాలి. ఇంకో మాట, ఏడాదిలో పవర్ ఒకటి, అంతకు మించి పెరిగిందంటే అద్దాలు చేసి ఊరుకోవద్దు, కంటి డాక్టరుకి చూపించమని చెప్పండి.

నలభై దాటినవాళ్లకి కారణం వేరు. దూరం చూపుకే అద్దాలు చేయించుకున్నవాళ్లకి ఆ వయసులో చత్వారం మొదలవుతుంది. వాళ్లకి "ఫోన్ చదవాలంటే చెయ్యి చాపాల్సి వస్తోందా, అద్దాలు తీసేస్తే దగ్గరివి బాగా కనబడుతున్నాయా?" అని రెండు ప్రశ్నలు చాలు. ఇది స్కూళ్లతో ముడిపడింది కాదు కాబట్టి బిల్లు తేదీకి ఏడాది నిండిన నెలలో పంపండి.

కొందరికి అసలు పంపొద్దు. కూలింగ్ గ్లాసులు మాత్రమే కొన్నవాళ్లకి పైన చెప్పిన కారణమేదీ వర్తించదు. పోయినసారి గొడవపడి వెళ్లినవాళ్లకి ఫోనే చేయాలి. డెబ్బై దాటిన పెద్దవాళ్ల సంగతి ఇంకా జాగ్రత్త. ఈలోపు శుక్లాల ఆపరేషన్ అయ్యుంటే పాత పవర్ చీటీకి అర్థమే లేదు, మనిషే లేకపోతే ఆ మెయిల్ ఇంట్లోవాళ్లని బాధపెడుతుంది. మా దగ్గర ఆ బిల్లులకి ఇంటి నంబరుకి ఫోన్ చేసి "పెద్దాయన బాగున్నారా" అని అడగడమే.

పంపేటప్పుడు అందర్నీ ఒకే మెయిల్లో కుక్కకండి. రోజుకి ముప్పై, నలభై పంపితే కౌంటర్లో ఒత్తిడి ఉండదు, రిప్లైలకి జవాబూ ఇవ్వగలరు. ముందు అడ్రసులు చూసుకోండి, `gmial.com` లాంటి తప్పులు ప్రతి లిస్టులో ఉంటాయి. షాపు సొంత డొమైన్ నుంచి పంపుతుంటే, మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపే SPF, DKIM అనే సెట్టింగులు పెట్టించండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ వీటిలో కనీసం ఒకటి ఉండాలంటోంది. ఇక మెయిళ్లు వద్దనేవాళ్లకి ఆ దారి కింద స్పష్టంగా ఇవ్వండి, లేకపోతే స్పామ్ బటన్ నొక్కుతారు. అలా నొక్కేవాళ్లు పెరిగితే మిగతా కస్టమర్లకి పంపినవీ స్పామ్‌లోకే పోతాయి.

ఎంతమంది తెరిచారన్న లెక్క పట్టించుకోకండి. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన ప్రైవసీ ఏర్పాటు వల్ల మనిషి చూడకపోయినా తెరిచినట్టు కనబడొచ్చు. వచ్చినవాళ్ల బిల్లుల్ని మెయిల్ లిస్టుతో పోల్చుకోవడమే నిజమైన లెక్క. అందులోనూ ఒక తిరకాసు ఉంది, మెయిల్ లేకపోయినా వచ్చేవాళ్లు కొందరుంటారు కదా. అందుకే నేను నలభై దాటినవాళ్ల బిల్లుల్లో ప్రతి అయిదోదానికి మెయిల్ పంపకుండా పక్కన పెడతాను. వాళ్లలో ఎంతమంది వాళ్లంతట వాళ్లే వచ్చారో, మెయిల్ అందినవాళ్లలో ఎంతమంది వచ్చారో చూస్తే మెయిల్ పనిచేసిందా లేదా తెలుస్తుంది. పిల్లల్లో మాత్రం ఎవర్నీ ఆపను.

పలకనివాళ్లకి పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయండి, రెండు వాక్యాల్లో, అదే మెయిల్ కింద. దానికీ జవాబు లేకపోతే ఆ ఏడాదికి వదిలేసి, బిల్లు మీద "మెయిల్ పంపాం" అని రాసుకోండి. అప్పుడు వచ్చే మేలో అదే మెయిల్ మళ్లీ వెళ్లదు.